మొత్తం 13 మారలేదు, రోగి మారారు: ఒక తల గాయం కేసులో జీసీఎస్

రోగికి 56 ఏళ్లు. మెట్ల మీద కాలు జారి పడ్డారు, తల కుడిపక్క మెట్టు అంచుకు తగిలింది. కొద్దిసేపు స్పృహ లేదని, తర్వాత లేచి కూర్చుని రెండుసార్లు వాంతి చేసుకున్నారని భార్య చెప్పారు. రోజూ ఒక బీపీ మాత్ర వేసుకుంటారు, రక్తం పలచబడే మందులేవీ వాడటం లేదు. ఆ రోజు మద్యం తాగలేదు, నిద్రమాత్ర వేసుకోలేదు. చెవులు బాగానే వినిపిస్తాయి. ఈ చివరి మూడు సంగతులూ అడ్మిషన్ షీట్లో రాసి ఉండాలి. అవి లేకపోతే రాత్రంతా తీసే ప్రతి జీసీఎస్, అంటే స్పృహను అంకెల్లో కొలిచే గ్లాస్గో కోమా స్కేలు స్కోరు దగ్గరా ‘తాగి ఉన్నాడేమో, వినపడలేదేమో’ అన్న అనుమానం అడ్డొస్తుంది.

సీటీలో కుడి కణత వైపు టెంపొరల్ భాగంలో మెదడు నలిగిన మచ్చ, అంటే కంట్యూజన్, దాని పక్కన మెదడు పైపొర కింద సన్నటి రక్తపు గడ్డ, అంటే సబ్‌డ్యూరల్ క్లాట్ కనిపించాయి. మెదడు మధ్యగీత పక్కకు జరగలేదు. న్యూరోసర్జన్ చూసి, ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు, అరగంటకోసారి గమనించండి, ఉదయం మళ్లీ సీటీ తీద్దాం అన్నారు. ఇలాంటి ఆర్డరు పడిందంటే ఆపరేషన్ టైము ఎప్పుడు వచ్చిందో కనిపెట్టాల్సిన పని వార్డు నర్సు మీద పడినట్టే. క్లాట్ పెరిగితే అది ముందు తెలిసేది మంచం దగ్గరే. సీటీ మెషిన్‌కి ఆ సంగతి తర్వాతెప్పుడో తెలుస్తుంది.

స్కేలు గురించి తెలిసినవాళ్లకు మళ్లీ చెప్పనక్కర్లేదు గానీ, కేసు అర్థం కావాలంటే ఒక్కసారి చూసుకుందాం. గ్లాస్గోలో గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెనెట్ 1974లో దీన్ని ప్రచురించారు. మూడు విషయాలు చూస్తాం. కళ్లకు 4 వరకు: వాటంతట అవే తెరుచుకుని ఉంటే 4, పిలిస్తే తెరిస్తే 3, నొక్కితే తెరిస్తే 2, అసలు తెరవకపోతే 1. మాటకు 5 వరకు: తనెవరో, ఎక్కడున్నారో, ఏ నెలో చెబితే 5, వాక్యాలు మాట్లాడుతూ తికమక పడితే 4, విడి మాటలైతే 3, మూలుగైతే 2, ఏమీ లేకపోతే 1. కదలికకు 6 వరకు: చెప్పింది చేస్తే 6, నొప్పి ఉన్న చోటుకు చెయ్యి తెస్తే 5, మోచేయి వంచి లాక్కుంటే 4, అసహజంగా వంగితే 3, చెయ్యి బిగుసుకుని చాచుకుంటే 2, ఏమీ లేకపోతే 1. మొదట కదలికకు 5 మెట్లే ఉండేవి, మొత్తం 14. తర్వాత చెయ్యి వంచడాన్ని మామూలు, అసహజం అని రెండుగా విడదీశాక 15 అయింది. అన్నిటికంటే తక్కువ 3, సున్నా కాదు.

మూడిటినీ కూడితే 3 నుంచి 15 దాకా 13 అంకెలే వస్తాయి. కానీ మూడు భాగాలూ కలిసే తీరులు 120. అంటే ఒకే మొత్తం కింద చాలా రకాల మనుషులు దాక్కుంటారు. ఒక్క 13నే తీసుకున్నా అది ఆరు రకాలుగా రావచ్చు. మా రోగికి ఆ రాత్రి వాటిలో రెండు రకాలు వచ్చాయి. ఈ కేసు రాయడానికి కారణం అదే.

రాత్రి 10 గంటలకు వార్డులోకి వచ్చినప్పుడు ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు. కుడి కన్ను చుట్టూ వాపు, రెప్ప ఉబ్బి మూసుకుపోయింది. ఇలాంటప్పుడు కంగారు పడక్కర్లేదు, రెండో కన్ను తెరుచుకుంటుందా లేదా అన్నదే లెక్క. పక్కన నిలబడి మామూలు గొంతుతో, తర్వాత కాస్త గట్టిగా ‘సార్’ అని పిలిస్తే ఎడమ కన్ను తెరిచారు. కళ్లు 3. పిలిచేటప్పుడు ఒంటి మీద చెయ్యి వేయకూడదు. భుజం తట్టి పిలిస్తే ఆయన కళ్లు తెరిచింది మాటకా, తాకిడికా అన్నది తేలదు.

పేరు చెప్పారు. ఎక్కడున్నారంటే ‘మా ఇంట్లో’ అన్నారు. ఏ నెల అంటే ఆయన నోరు తెరిచేలోపే భార్య అందించబోయారు. ‘అమ్మా, ఆయన్నే చెప్పనివ్వండి’ అని ఆపాల్సి వచ్చింది. దాదాపు ప్రతి రోగి దగ్గరా ఇదే తంతు. ప్రేమతోనే చెబుతారు, కానీ చార్టులో ఆవిడ స్కోరు ఎక్కుతుంది. నెల తప్పు చెప్పారు, కానీ పూర్తి వాక్యంలో, అడిగినదానికి సంబంధించే చెప్పారు. మాట 4. తేదీ, వారం అడగడం నాకిష్టం ఉండదు. ఆస్పత్రిలో పడుకున్నవాళ్లకే కాదు, నైట్ డ్యూటీలో ఉన్న మాకూ అవి గుర్తుండవు.

కదలికకు ‘నాలుక బయటపెట్టండి’ అన్నాం, పెట్టారు. ‘రెండు వేళ్లు చూపించండి’ అంటే చూపించారు. కదలిక 6. చాలామంది ‘నా చెయ్యి పట్టుకోండి’ అని అడిగి, పట్టుకోగానే 6 వేసేస్తారు. అరచేతిలో ఏది పెట్టినా వేళ్లు ముడుచుకునే రిఫ్లెక్స్ ఒకటుంది, అది పూర్తి స్పృహ లేనివాళ్లలోనూ కనిపించవచ్చు. చెయ్యే పట్టుకోమంటే తర్వాత వదలమనీ అడగాలి. పట్టుకోమంటే పట్టుకుని, వదలమంటే వదిలితేనే 6.

మొత్తం 13. పల్స్ 84, బీపీ 130/80, కనుపాపలు రెండూ 3 మిల్లీమీటర్లు, వెలుతురు పడగానే చిన్నవవుతున్నాయి. వాచిన రెప్పను వేళ్లతో మెల్లగా పైకెత్తి మరీ కుడి కనుపాప చూశాం. కన్ను వాచింది కదా అని ఆ గడి ఖాళీగా వదిలేస్తే పెద్ద పొరపాటు. దెబ్బ తగిలింది కుడివైపు, కనుపాప ముందు మారేదీ సాధారణంగా కుడివైపే. తర్వాత అరగంటకోసారి తీసిన స్కోర్లలో తేడా లేదు: కళ్లు 3, మాట 4, కదలిక 6.

12:30కి మా జూనియర్ సిస్టర్ స్కోరు తీసి వచ్చి, ‘అక్కా, ఆయన లేచారు, కళ్లు బాగా తెరిచారు, కొంచెం చికాకుగా ఉన్నారు. మొత్తం మాత్రం 13 అలాగే ఉంది’ అంది.

విడివిడిగా చెప్పమన్నాను. ‘ఈ ఫోర్, వీ ఫోర్, ఎం ఫైవ్’ అంది. అంటే కళ్లు 4, మాట 4, కదలిక 5.

అమ్మాయి స్కోరు సరిగ్గానే తీసింది. ఇక్కడ చెప్పాల్సింది కూడిక గురించి. కళ్లు 3 నుంచి 4కి వచ్చాయి, కదలిక 6 నుంచి 5కి పడింది. పైకెక్కిన ఒకటి కిందికి దిగిన ఒకటిని కప్పేసింది. చార్టులో మొత్తం గీత మాత్రమే చూసేవాళ్లకు అది తిన్నగా పోతున్నట్టే కనిపిస్తుంది. కళ్లు తెరిచారు కాబట్టి బాగుపడుతున్నారని ఇంట్లోవాళ్లకు అనిపించడం సహజం. ఆయన భార్య అప్పటికే ఫోన్‌లో ‘లేచారు, కళ్లు తెరిచారు’ అని ఎవరికో చెబుతున్నారు.

కళ్లు తెరవడం, చెప్పింది చేయడం రెండూ ఒకే విలువ ఉన్న పాయింట్లు కావు. కళ్లు తెరుచుకోవడానికి మెదడు కాండంలో మేలుకొలిపే యంత్రాంగం పనిచేస్తే చాలు. చికాకు పుట్టినా, నొప్పి పుట్టినా తెరుచుకుంటాయి. ‘రెండు వేళ్లు చూపించండి’ అన్నది చేయాలంటే వినాలి, అర్థం చేసుకోవాలి, ఆ మాటను కాసేపు మనసులో నిలుపుకోవాలి, ఏ కండరాలు కదపాలో పంపాలి. దానికి పై మెదడు చాలా భాగం సరిగ్గా ఉండాలి. తల గాయంలో మూడు భాగాల్లో రోగి ముందు ముందు ఎలా ఉంటారో బాగా చెప్పేది కదలికే. అందుకే కదలికలో పడ్డ ఒక పాయింటును కళ్లలో పెరిగిన ఒక పాయింటుతో కొట్టివేయలేం.

మంచం దగ్గరికి వెళ్లాను. ఆయన దుప్పటి తన్నేస్తున్నారు, సలైన్ లైను లాగుతున్నారు, ‘నన్ను వదలండి, నేను పోవాలి’ అంటున్నారు. అది వాక్యమే, కాబట్టి మాట 4. నాలుక బయటపెట్టమంటే మొహం చూస్తున్నారు గానీ పెట్టడం లేదు. వినిపించలేదేమో అనుకుని చెవి దగ్గర చెప్పాను, నేనే నాలుక బయటపెట్టి చూపించాను. అప్పుడూ లేదు. మొండికేశారా, చేయలేకపోతున్నారా అన్నది తేల్చడానికి నాకు తెలిసిన మార్గం ఒకటే. రెండు మూడు రకాల పనులు, కొంచెం ఆగి ఆగి అడగాలి. మొండికేసినవాళ్లు ఎక్కడో ఒకచోట దొరుకుతారు, ‘నాలుక పెట్టను పో’ అన్నా అది అర్థమైనట్టే. ఈయనలో ఆ అర్థమైన జాడే లేదు.

తర్వాత నొక్కి చూశాను. మెడకూ భుజానికీ మధ్య ఉండే ట్రెపీజియస్ కండరాన్ని బొటనవేలికీ రెండు వేళ్లకూ మధ్య పట్టుకుని, ఒత్తిడి మెల్లగా పెంచుతూ పోవాలి. 10 సెకన్లకు మించనక్కర్లేదు. కుడి చెయ్యి వెంటనే పైకొచ్చి నా వేళ్లను తోసేసింది. తల, మెడ దగ్గర నొక్కినప్పుడు చెయ్యి కాలర్ ఎముక దాటి పైకి వస్తేనే 5 వేయాలి. ఛాతీ మీదే ఆగిపోతే వేయకూడదు. రొమ్ము ఎముక మీద పిడికిలితో రుద్దే అలవాటు ఇంకా చాలాచోట్ల ఉంది. దానివల్ల చర్మం కమిలిపోవడం ఒకటి, చెయ్యి ఛాతీ మీదకు వస్తే అది వెతుక్కుంటూ వచ్చిందా, ఊరికే వంగిందా అన్నది తెలియకపోవడం రెండోది. ఒకే వార్డులో ఇద్దరు నర్సులు 4 వేయాలా 5 వేయాలా అని వాదించుకుంటుంటే చాలాసార్లు కారణం ఈ రుద్దుడే.

రెండోవైపు కూడా చూడాలి. ఎడమ చెయ్యి ఆలస్యంగా, బరువుగా లేచి నడుం దాకా వచ్చి పడిపోయింది. జీసీఎస్‌లో రాసేది రెండు చేతుల్లో మెరుగైనదాన్నే. అందుకే స్కోరు 5 గానే ఉంటుంది, ఎడమ చేతి సంగతి అందులో ఎక్కడా కనపడదు. దాన్ని చార్టులో కింద చేతులు కాళ్ల బలం రాసే చోట వేరుగా రాయాలి. గాయం కుడివైపు, బలహీనత ఎడమవైపు. అరగంట కిందట రెండు చేతులూ సమానంగా ఉన్న మనిషికి ఈ తేడా కొత్తగా వచ్చిందంటే స్కోరు ఎంతైనా సరే డాక్టర్‌ని పిలవాల్సిందే.

చికాకుకు వేరే కారణాలూ ఉంటాయి, వాటిని చూడకుండా మెదడు మీదకు తోసేయడమూ సరికాదు. పొట్ట కింద తడిమి చూస్తే మూత్రాశయం నిండి లేదు. తల దెబ్బ రోగుల్లో నిండిన మూత్రాశయం వల్ల వచ్చే గొడవ తక్కువేం కాదు, క్యాథెటర్ మెలిపడినా ఇలాగే తన్నుకుంటారు. ఆక్సిజన్ 97 శాతం. షుగర్ 128. ఒళ్లు వేడి లేదు. పల్స్ 84 నుంచి 68కి దిగింది, బీపీ 152/86. ఈ రెండూ విడిగా చూస్తే భయపడేంత అంకెలు కావు. పల్స్ తగ్గుతూ బీపీ పెరుగుతూ ఊపిరి తీరు మారడం తల లోపల ఒత్తిడి బాగా పెరిగాక వచ్చే లక్షణం. దానికోసం కాచుక్కూర్చుంటే ఆలస్యమైపోయినట్టే. నేను చూసింది అవి ఏ దిక్కుకు పోతున్నాయన్నది మాత్రమే. కనుపాపలు అప్పటికి సమానంగానే ఉన్నాయి.

ఇంతలో ఇంకో సిస్టర్‌ని పిలిచి, నా స్కోరు చెప్పకుండా ఆమెతో మళ్లీ తీయించాను. కళ్లు 4, మాట 4, కదలిక 5. తల గాయాలపై బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు చెప్పే నైస్ సంస్థ మార్గదర్శకాల్లో ఈ పద్ధతే ఉంది. స్కోరు పడినట్టు అనిపిస్తే డాక్టర్‌ని పిలిచేముందు రెండో మనిషి చూసి నిర్ధారించాలి, కానీ రెండో మనిషి దొరక్కపోతే ఆగకుండా పిలిచేయాలి. ఒక పాయింటు పడితే అది అరగంట పాటు అలాగే ఉంటే పిలవాలని, ఆ ఒక్కటి కదలికలో అయితే దానికి ఎక్కువ విలువ ఇవ్వాలని అందులో ఉంది. కళ్లలోగానీ మాటలోగానీ 3 పాయింట్లు తగ్గినా, కదలికలో 2 తగ్గినా వెంటనే పిలవాలి. చికాకు, వింత ప్రవర్తన మొదలవడం, చేతులు కాళ్ల కదలికలో కొత్తగా తేడా రావడం కూడా అంతే, వాటికి స్కోరుతో పని లేదు. మా రోగికి ఈ రెండూ ఉన్నాయి కాబట్టి అరగంట ఆగే ప్రశ్నే లేదు.

ఫోన్‌లో ఏం చెబుతామన్నది కూడా స్కోరింగ్‌లో భాగమే అని నేననుకుంటాను. అర్ధరాత్రి నిద్రలోంచి లేచిన డాక్టర్‌కి ‘సార్, జీసీఎస్ 13, రెస్ట్‌లెస్‌గా ఉన్నారు’ అంటే ఆయన వినేది ‘13 అలాగే ఉంది, నిద్ర పట్టడం లేదు’ అనే. అప్పుడు వచ్చే ఆర్డరు మత్తు ఇంజెక్షన్. ఆ ఇంజెక్షన్ పడిందంటే తర్వాత తీసే స్కోర్లలో మందు ఎంత, క్లాట్ ఎంత అన్నది ఎవరికీ తెలియదు. నేను చెప్పింది ఇది:

‘సార్, కుడి టెంపొరల్ కంట్యూజన్ పేషెంట్. కదలిక 6 ఉండేది, ఇప్పుడు 5. పన్నెండు దాకా చెప్పింది చేశారు, ఇప్పుడు చేయడం లేదు, ఇద్దరం చూశాం. ఎడమ చెయ్యి కొత్తగా బలహీనంగా ఉంది. పల్స్ 84 నుంచి 68కి వచ్చింది. కనుపాపలు సమానం. షుగర్, ఆక్సిజన్, బ్లాడర్ చూశాం, బాగానే ఉన్నాయి. మీరు వచ్చి చూడాలి, సీటీకి రెడీ చేయమంటారా?’

‘మొత్తం ఎంత?’ అని అడిగారు. ‘మొత్తం 13 సార్, అదే మోసం చేస్తోంది’ అన్నాను. ‘సరే, సీటీకి చెప్పండి, వస్తున్నా’ అన్నారు.

మంచం తల వైపు 30 డిగ్రీలు ఎత్తాం. మెడ పక్కకు వాలకుండా నిటారుగా ఉంచాం, మెడ తిరిగితే తలలోంచి రక్తం దిగే సిరలు నలుగుతాయి. చేతులు కట్టమని ఎవరో అన్నారు, కట్టలేదు. కట్టేస్తే పెనుగులాట పెరుగుతుంది, దాంతో తలలో ఒత్తిడీ పెరుగుతుంది. పైగా ఎడమ చెయ్యి ఇంకెంత పడిపోతోందో చూసే అవకాశమూ పోతుంది. ఒక మనిషిని పక్కన నిలబెట్టి లైను కాపాడుకున్నాం.

1 గంటకు కళ్లు 3, మాట 3, కదలిక 5. మొత్తం ఇప్పుడు 11. చికాకు తగ్గింది. ఈ దశలో వార్డంతా ఊపిరి పీల్చుకుంటుంది, గొడవ చేసే రోగి పడుకున్నాడని. కానీ మాట్లాడుతున్న వాక్యాలు పోయి ‘నీళ్లు... వద్దు... పో’ అని విడి మాటలు మిగిలాయి. కుడి కనుపాప 4 మిల్లీమీటర్లు, వెలుతురుకు బద్ధకంగా కదులుతోంది. కుడివైపు వాపు పెరిగి మెదడు టెంపొరల్ భాగం లోపలి అంచు కిందికి జరిగితే, కనుపాపను చిన్నది చేసే మూడో కపాల నాడి నలుగుతుంది. అందుకే గాయం ఉన్న వైపే కనుపాప పెద్దదవుతుంది.

తలలో ఒత్తిడి తగ్గించడానికి డాక్టర్ 20 శాతం మానిటాల్ 250 మిల్లీలీటర్లు రాశారు. అంటే 50 గ్రాములు. సీసాను వెలుతురుకు పెట్టి స్ఫటికాలు లేవని చూసి, ఫిల్టర్ ఉన్న సెట్టుతో ఎక్కించాం. మానిటాల్ మూత్రాన్ని బాగా తెస్తుంది కాబట్టి ముందే క్యాథెటర్ వేశాం, లేకపోతే అరగంటలో మళ్లీ చికాకు మొదలై అసలు కారణం ఏదో తెలియని పరిస్థితి వస్తుంది. సీటీలో క్లాట్ మందం పెరిగింది, మధ్యగీత 9 మిల్లీమీటర్లు ఎడమకు జరిగింది. టేబుల్ మీద ఉండగానే కళ్లు 2, మాట 2, కదలిక 5 అయింది. మొత్తం 9. ఎడమ చెయ్యి నొక్కితే మెల్లగా ఛాతీ మీదుగా వంగి, మణికట్టు లోపలికి తిరిగి, బొటనవేలు పిడికిట్లోకి పోతోంది. మామూలుగా లాక్కునే చెయ్యి గబుక్కున, శరీరానికి దూరంగా పోతుంది, ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. అసహజంగా వంగేది నెమ్మదిగా, ప్రతిసారీ అచ్చు అదే తీరులో వస్తుంది. 4కీ 3కీ తేడా అదే. కుడి చెయ్యి ఇంకా 5 చేస్తోంది కాబట్టి స్కోరు 5.

మొత్తం 8, అంతకంటే తక్కువైతే గొంతులో ఊపిరి ట్యూబ్ వేయాలని అందరికీ నోటికొచ్చిన సూత్రం. తల గాయంలో అది మంచి సూత్రమే, గొంతులోకి వచ్చింది మింగే శక్తి, నాలుక వెనక్కి జారకుండా ఆపే శక్తి ఆ స్థాయిలో నమ్మలేం. కానీ ఈయన 13 నుంచి 9కి గంటలోపే వచ్చారు. 8 కోసం చూడకుండా మత్తు డాక్టర్ 9 దగ్గరే ట్యూబ్ వేశారు. అంకె ఎక్కడుందన్నది ఎంత ముఖ్యమో, ఎంత వేగంగా దిగుతోందన్నది అంతకంటే ముఖ్యం. ట్యూబ్ వేసేముందు చివరి స్కోరు తీసి, మందులు ఇవ్వకముందు అని పక్కన రాసి పెట్టాం. తర్వాత మూడు నాలుగు రోజుల పాటు అందరూ వెనక్కి తిరిగి చూసేది ఆ గీతనే.

క్లాట్ తీసేశాక ఐసీయూకి వచ్చారు. ట్యూబ్, వెంటిలేటర్, మత్తు డ్రిప్. ఇక్కడ నర్సులు ఎక్కువగా తడబడతారు. గొంతులో ట్యూబ్ ఉన్న మనిషి మాట్లాడలేరు. దానికి 1 వేస్తే, మాట్లాడే వీలుండీ మూగబోయినట్టు చార్టు చెబుతుంది. 2014లో స్కేలు వాడే పద్ధతిని సవరించినప్పుడు, పరీక్షించడానికి వీల్లేని భాగానికి అంకె వేయకుండా ఎన్‌టీ, అంటే నాట్ టెస్టబుల్ అని రాయాలని, ఏ ఒక్క భాగం ఎన్‌టీ అయినా మొత్తం కూడకూడదని స్పష్టంగా చెప్పారు. పాత చార్టుల్లో అంకె పక్కన ట్యూబ్‌కి గుర్తుగా టీ పెట్టి మొత్తం రాసేవాళ్లు. ఆ టీ ఒక చార్టు నుంచి ఇంకో చార్టుకు పోయేసరికి రాలిపోతుంది, అంకె మాత్రం మిగులుతుంది. కళ్లు 2, కదలిక 5, మాట 1 అని కూడి 8 రాస్తే, తర్వాతి షిఫ్టు వాళ్లకు అది అప్పుడే పడిపోయిన రోగిలా కనిపిస్తుంది. అదే రోగికి ట్యూబ్ తీయగానే 11 అయితే, ఏ మందూ లేకుండా 3 పెరిగినట్టు మాయ.

రెండు కళ్లూ వాచి మూసుకుపోతే కళ్లకు కూడా ఇదే నియమం. మత్తు డ్రిప్ నడుస్తుంటే ఏ మందు, ఎంత మోతాదులో ఉండగా తీశామో పక్కన రాయాలి. లోతైన మత్తులో తీసిన కళ్లు 1, కదలిక 1 మెదడు గురించి ఏమీ చెప్పవు. అలాంటప్పుడు మా చేతిలో మిగిలేవి కనుపాపలే, వాటిని గంట గంటకూ చూశాం. కుడిది తిరిగి 3 మిల్లీమీటర్లకు వచ్చి చురుగ్గా కదలడం మొదటి మంచి కబురు.

మత్తు ఆపాక ముందు కళ్లు తెరిచారు. కళ్లు 4, మాట ఎన్‌టీ, కదలిక 5. భార్యను లోపలికి పంపితే ‘ఏవండీ, నేనండీ’ అని పిలుస్తూ ఏడ్చేశారు. ఆయన చూపు ఆవిడ మీద నిలవలేదు, పైకప్పు వైపే ఉంది. ‘నన్ను చూస్తున్నారు కదా సిస్టర్?’ అని అడిగారు. కళ్లు తెరవడం మేలుకోవడం మాత్రమేనని, తెలుసుకోవడం వేరని, అది కదలికలోనో మాటలోనో బయటపడుతుందని ఆవిడకు అర్థమయ్యేలా చెప్పడం ఆ రోజు నాకు స్కోరు తీయడం కంటే కష్టమైంది. అంకెలు చెప్పలేదు. ‘ఇప్పుడు కళ్లు తెరుస్తున్నారు, ఇంకా మనం చెప్పింది చేయడం లేదు. చెప్పింది చేసిన రోజు మీకు నేనే చెబుతాను’ అన్నాను. బంధువులకు అంకె చెబితే అది పరీక్ష మార్కులా అయిపోతుంది, ‘నిన్న 10 కదా, ఇవాళ 9 ఎందుకైంది’ అని ప్రతి షిఫ్టులో అడుగుతారు. నిద్రలో తీసిన స్కోరుకూ మెలకువలో తీసిన స్కోరుకూ ఒక పాయింటు తేడా రావడం మామూలే.

రెండో రోజు సాయంత్రం నాలుక బయటపెట్టమంటే పెట్టారు. ట్యూబ్ ఉన్నా ఇది అడగొచ్చు, పెదాల మధ్య నాలుక కొస కనిపిస్తే చాలు. కదలిక 6. ట్యూబ్ తీశాక మాట 4, మరో నాలుగు రోజులకు 5. చార్టులో 15 పడింది.

ఈ 15 దగ్గర కూడా ఒక చిక్కుంది. పేరు, చోటు, నెల సరిగ్గా చెప్పే మనిషికి స్కేలు ఇవ్వగలిగిన గరిష్ఠం అదే, దాని పైన ఇంకేం బాగోలేదో చెప్పే గడి అందులో లేదు. ఆయన పొద్దున తిన్నది మధ్యాహ్నానికి మరిచిపోతున్నారు, అడిగిన ప్రశ్నే మళ్లీ అడుగుతున్నారు, ఒంటరిగా బాత్రూంకి పోతూ క్యాథెటర్ బ్యాగు ఈడ్చుకుపోయారు. 15 ఉంది కదా అని మంచం రెయిలింగ్ దించేసి, అటెండెంట్‌ని పంపేసి, ‘మందులు ఇలా వాడండి’ అని ఆయనకే చెబితే ఒక్క మాటా నిలవదు. అందుకే డిశ్చార్జి మాటలు భార్యకు, కొడుక్కు కలిపి చెప్పాం. ఎక్కువ నిద్రమత్తు, పెరిగే తలనొప్పి, మళ్లీ వాంతులు, ఎడమ చెయ్యి పట్టు తప్పడం, మూర్ఛ, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా వెంటనే తీసుకురమ్మని కాగితం మీద రాసిచ్చాం. నిద్రలో ఉంటే లేపి చూడమని, లేచాక మామూలుగా జవాబు చెబుతున్నారో లేదో చూసుకోమని కూడా చెప్పాం.

మా వార్డు చార్టులో ఈ కేసు తర్వాత ఒక మార్పు చేయించాం. ఇదివరకు మూడు భాగాల కింద మొత్తానికి పెద్ద గడి, హ్యాండోవర్ కాగితంలో ఆ ఒక్క అంకె మాత్రమే ఉండేవి. ఇప్పుడు హ్యాండోవర్‌లో మూడూ విడిగా రాయాలి, కదలిక మొదట రావాలి. డ్యూటీ మారేటప్పుడు పోయేవాళ్లు, వచ్చేవాళ్లు ఇద్దరూ కలిసి మంచం దగ్గరే ఒకసారి స్కోరు తీస్తారు. ఇద్దరి చేతుల మధ్య ఒక పాయింటు తేడా ఉంటే అక్కడే తేలిపోతుంది, లేకపోతే తర్వాత అరగంటలో పడిన పాయింటు రోగిదా, నర్సు మారడం వల్ల వచ్చిందా అని తల పట్టుకోవాలి. దీనికి రోగికి రెండు నిమిషాలు ఎక్కువ పడుతోందని మొదట్లో కొందరు విసుక్కున్నారు, ఇప్పటికీ రద్దీ రోజుల్లో విసుక్కుంటారు.